పిల్లాడి నోట బూతు మాట వస్తే
నాలుగేళ్ల పిల్లాడు బయట విన్న బూతు మాట ఇంట్లో అనగానే మనకు నవ్వైనా వస్తుంది, కోపమైనా వస్తుంది. రెండూ ఆపుకోండి. మన ముఖం మారితే చాలు, అదేదో తమాషా మాట అనుకుని పదిసార్లు అంటాడు. మామూలు గొంతుతో "ఆ మాటకి అర్థం తెలుసా నాన్నా?" అని అడగండి. చాలాసార్లు తెలియదు. అసలు అర్థం విప్పి చెప్పక్కర్లేదు. "అది ఎదుటివాళ్లని బాధపెట్టడానికి అనే మాట. నిన్ను ఎవరైనా అలా అంటే నీకు ఏడుపొస్తుంది కదా" అంటే సరిపోతుంది. ఊరికే వద్దంటే మానడు, కోపమొచ్చినప్పుడు అనడానికి వేరే మాట కావాలి. "నాకు కోపమొచ్చింది" అని గట్టిగా అనమనండి. మళ్లీ అంటే అదే జవాబు, అదే గొంతుతో.