దుఃఖంలో తోడుండటం – 3వ పాఠం: మెట్లు కాదు, ఊగిసలాట

గత పాఠంలో ఓదార్పు మాటలు చెప్పకుండా వినడం సాధన చేశాం. విన్నదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పుడు చూద్దాం. అందుకు ముందు చాలామంది మనసులో పాతుకుపోయిన ఒక నిచ్చెనను తీసి పక్కన పెట్టాలి. నిరాకరణ, కోపం, బేరసారాలు, కుంగుబాటు, అంగీకారం అనే అయిదు మెట్లున్న నిచ్చెన అది.

మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఈ అయిదు దశలను ప్రతిపాదించారు. చికాగోలో మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి రాసిన సంగతులవి. తన చావును తానే ఎదుర్కొంటున్న మనిషి గురించిన పరిశీలన కాలక్రమంలో ఆ మనిషిని పోగొట్టుకున్నవారికీ వర్తిస్తుందన్న నమ్మకంగా మారింది. 2007లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆప్తులను కోల్పోయిన 233 మంది సమాధానాలను పరిశీలించారు. దశల వరుసకు కొంత ఆధారం ఉందని వారు రాసినా, వారి లెక్కల్లోనే నిచ్చెనకు పొసగని విషయం ఒకటుంది. చివరి మెట్టు కావలసిన అంగీకారం తొలి నెలల నుంచే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. బాధల్లో ముందున్నది కోపమో కుంగుబాటో కాదు, పోయిన మనిషి కావాలన్న తపన.

అయితే ఏ పటం వాడాలి? 1999లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ స్ట్రోబె, హెంక్ స్కుట్ ద్వంద్వ ప్రక్రియ నమూనాను ముందుకు తెచ్చారు. అందులో మెట్లు లేవు, రెండు వైపులున్నాయి. ఒకటి నష్టం వైపు: తలచుకోవడం, ఏడవడం, ఫొటోలు చూడడం, మనిషి కోసం తపించడం. రెండోది సర్దుబాటు వైపు: పోయినవారు చేసే పనులు నేర్చుకోవడం, మారిపోయిన బతుకులో కొత్త పాత్రకు అలవాటు పడడం. మనిషి ఈ రెండింటి మధ్య ఊగుతుంటాడు. ఒకదాన్ని ఎదుర్కొంటున్నంతసేపు రెండోదానికి విరామం దొరుకుతుంది. కొన్ని గంటలు రెండింటికీ దూరంగా మామూలుగా గడిచిపోతాయి. ఆ గంటలు కూడా ఈ నమూనాలో భాగమే.

ఒక రోజును దగ్గరగా చూద్దాం. భర్త పోయి నాలుగు నెలలైన ఒక ఇల్లాలిని ఊహించుకోండి. ఉదయం అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో కాఫీ పోసింది. రెండో గ్లాసు చూసి వంటగదిలోనే కూర్చుండిపోయింది. పదకొండింటికి మరణ ధ్రువీకరణ పత్రం నకళ్లు పట్టుకుని బ్యాంకుకు వెళ్లి, జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఫారం నింపింది. మధ్యాహ్నం చెల్లెలు ఏదో చెబితే పగలబడి నవ్వింది. సాయంత్రం ఆయన కళ్లజోడు పెట్టె తెరిచి మళ్లీ ఏడ్చింది.

మెట్ల లెక్కలో చూస్తే ఆమె పగలు ఎక్కి సాయంత్రం జారిపోయింది. నవ్వు విన్న పొరుగావిడ "అప్పుడే మరిచిపోయిందా?" అంటుంది, ఏడుపు చూసిన బంధువు "ఇంకా తేరుకోలేదా?" అంటాడు. నా దృష్టిలో రెండూ అన్యాయమైన మాటలే. ఊగిసలాట లెక్కలో చూస్తే ఆ రోజు ఏ లోపమూ లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సర్దుబాటు వైపు అంటే సంతోషం వైపు కాదు. ఆ బ్యాంకు ఫారంలో "వితంతువు" అన్న గడిలో టిక్కు పెట్టడం కాఫీ గ్లాసు కన్నా బరువైన పని కావచ్చు. రెండు వైపులా శ్రమ ఉంది, అందుకే రెండింటికీ విరామం కావాలి.

మరి ఎప్పుడు కంగారు పడాలి? రోజులో రెండు వైపులకూ సమానంగా సమయం దక్కాలన్న నియమమేమీ లేదు, తొలి వారాల్లో నష్టం వైపే ఎక్కువగా ఉండటం సహజం. ఊగడమే ఆగిపోతే గమనించాలి. నెలలు గడిచినా తపన తప్ప మరో పని సాగకపోవడం ఒక రకం. పోయినవారి పేరెత్తితే చాలు గది వదిలి వెళ్లిపోతూ రోజంతా పనిలో మునిగిపోవడం ఇంకో రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం దీర్ఘకాలిక శోకాన్ని రుగ్మతగా గుర్తించాలంటే తీవ్రమైన తపన కనీసం ఆరు నెలలు కొనసాగాలి, ఆ సమాజపు ఆనవాయితీని స్పష్టంగా మించాలి, రోజువారీ బతుకును దెబ్బతీయాలి. ఆ స్థితిలో మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. చనిపోవాలన్న మాట వినబడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ఈ వారం సాధన ఇది. మీరు తోడుంటున్న వ్యక్తితో గడిపిన రోజు, ఇంటికి వచ్చాక ఒక కాగితాన్ని రెండు నిలువు గళ్లు చేయండి. చూసినవి, విన్నవి ఎడమన నష్టం, కుడిన సర్దుబాటు కింద రాయండి. ఎటూ చెందనివి అడుగున వేయండి. కాఫీ గ్లాసు ఎడమన, ఫారం కుడిన, నవ్వు అడుగున. ఒక గడి వారమంతా ఖాళీగా ఉంటే ఆ వైపు చిన్న తలుపు తెరవండి. ఎడమ గడి ఖాళీ అయితే "వదినా, అన్నయ్యకు ఏ కూర ఇష్టం?" అని అడగండి. కుడి గడి ఖాళీ అయితే "రేపు బ్యాంకుకు నేనూ వస్తాను, ఫారం మీరే నింపండి, పక్కన కూర్చుంటాను" అనండి. ఆమె వద్దంటే అక్కడితో ఆపేయండి, రెండు రోజులాగి మళ్లీ అడగవచ్చు.