సిప్ లాభం చూసి కంగారు పడేముందు ఈ లెక్క వేయండి

మా బావగారు విజయనగరంలో నెలకు 5,000 చొప్పున మూడేళ్లు సిప్ కట్టారు. కట్టింది 1,80,000, ఇప్పటి విలువ 2,16,000. యాప్‌లో 20 శాతం అని చూసి, ఏడాదికి ఆరేడు శాతమేగా, ఎఫ్‌డీయే నయమని ఆపేయబోయారు.

ఆ 20 శాతం అబ్సల్యూట్ రిటర్న్, అందులో కాలం లెక్క ఉండదు. ఏటా చక్రవడ్డీ లెక్కన ఎంత పెరిగిందో చెప్పే సీఏజీఆర్ వేసినా 6.3 శాతమే వస్తుంది, ఎందుకంటే డబ్బంతా మొదటి రోజే పెట్టామనుకుంటుంది. ఆయన చివరి వాయిదా కట్టి నెలే అయింది మరి!

ఇలాంటప్పుడు ఒక్కో వాయిదా తేదీని బట్టి ఏడాది రాబడి లెక్కగట్టే ఎక్స్‌ఐఆర్‌ఆర్ కావాలి. గూగుల్ షీట్‌లో A కాలమ్‌లో 36 వాయిదాల తేదీలు, B లో ఒక్కోదానికి -5000 వేయండి. మైనస్ మరిస్తే ఎర్రర్ వస్తుంది. 37వ వరుసలో ఈరోజు తేదీ, 216000. తర్వాత ఖాళీ గడిలో:

```
=XIRR(B1:B37,A1:A37)
```

దాదాపు 12 శాతం వచ్చింది. బావగారు సిప్ కొనసాగిస్తున్నారు.

ఒకేసారి పెట్టి కదపని డబ్బుకైతే సీఏజీఆర్ చాలు. ఏడాది నిండని పెట్టుబడికి మాత్రం ఎక్స్‌ఐఆర్‌ఆర్ నమ్మకండి. రెండు నెలల్లో 5 శాతం పెరిగితే అది 34 శాతం చూపిస్తుంది. అప్పుడు అబ్సల్యూట్ రిటర్నే చూడండి.