టర్మ్ ప్రీమియం పోల్చడం, 3వ పాఠం: ఎన్నేళ్లకు, ఏ రైడర్‌తో?

కోటి రూపాయల టర్మ్ జీవిత బీమా కవర్‌కి మూడు కంపెనీల కొటేషన్లు తీసి పంపమని పోయిన పాఠంలో అడిగాను. పంపినవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు. కవర్ అందరూ కోటి అనే పెట్టారు కానీ, ఎన్నేళ్ల వరకు అన్న గడిని వెబ్‌సైట్ నింపినట్టే వదిలేశారు. అందుకే రైడర్ల దగ్గరికి, అంటే అసలు పాలసీకి అదనపు ధరతో తగిలించుకునే రక్షణల దగ్గరికి వెళ్లేముందు దాన్ని సరిచేద్దాం.

కరీంనగర్ నుంచి ఒక మాస్టారు పంపిన కాగితమే తీసుకుంటాను. వయసు 34, పొగ అలవాటు లేదు. లెక్క తేలిగ్గా నడవాలని అంకెలు కొద్దిగా సర్దాను. మొదటి కంపెనీ ఏడాదికి రూ. 11,400 అంది, రెండోది రూ. 18,600 అంది. రెండోది బాగా ఖరీదని ఆయన కొట్టేశారు. విప్పి చూస్తే మొదటి కొటేషన్ 60 ఏళ్ల వయసు వరకు, రెండోది 75 వరకు. రెండో కంపెనీలోనూ 60 పెట్టి మళ్లీ తీయమంటే రూ. 11,100 వచ్చింది. ఆయన కొట్టేసిందే చవక!

ప్రీమియం ఇంత ఎందుకు పెరుగుతుందో అర్థమైతే ఈ పొరపాటు మళ్లీ జరగదు. మన దేశంలో బీమా కంపెనీలు ఆధారంగా తీసుకునే 2012–14 మరణాల పట్టిక ప్రకారం 30వ ఏట వెయ్యి మందిలో ఏడాదికి ఒకరికి కాస్త తక్కువగా, 40వ ఏట సుమారు 1.7 మంది, 50వ ఏట సుమారు 4.4 మంది చనిపోతారు. ఆ తరవాత ఇంకా వేగంగా పెరుగుతుంది. మనం కట్టేది మాత్రం మొదటి ఏడు నుంచి చివరి ఏడు వరకు ఒకే మొత్తం. అంటే 70 దాటాక ఉండే భారీ ఖర్చును 34వ ఏటి నుంచే కొంచెం కొంచెంగా కట్టేస్తున్నామన్నమాట.

మాస్టారి లెక్కలో 60 దాకా ఏటా అదనంగా కట్టేది రూ. 7,500. 26 ఏళ్లకు రూ. 1,95,000. ఆ తరవాత 15 ఏళ్లు ఏటా రూ. 18,600 చొప్పున రూ. 2,79,000. రెండూ కలిపితే రూ. 4,74,000. 60 నుంచి 75 వరకు కవర్ ఉంచుకోవడానికి అయ్యే ధర అది, అందులో సగానికి పైగా జీతం ఆగిపోయాక కట్టాలి. ఇంటి అప్పు తీరి, పిల్లలు సంపాదనలో పడే వయసు ఏదో లెక్కవేసి అక్కడికి ఆపమంటాను నేను. నా పాలసీ 62 వరకే పెట్టుకున్నాను.

వయసు గడిలోనూ చిన్న మెలిక ఉంది. కొన్ని పాలసీలు నిండిన వయసును లెక్కిస్తాయి, కొన్ని దగ్గరి పుట్టినరోజును చూస్తాయి. 34 ఏళ్ల 8 నెలల మనిషి ఒకచోట 34, ఇంకోచోట 35. ఒకే రోజు తీసిన రెండు కొటేషన్లలో వయసు వేరుగా కనిపిస్తే మీరు తప్పుగా టైప్ చేశారని అనుకోకండి. బ్రోషర్‌లో ఏ పద్ధతో రాసి ఉంటుంది.

పాత రసీదుతో పోల్చినవాళ్లూ ఉన్నారు. ఒకావిడ తన తమ్ముడు 2024లో కట్టిన రూ. 14,160 పక్కన ఇప్పటి కొటేషన్ పెట్టి, ధరలు బాగా తగ్గాయని రాశారు. ఆ రసీదులో రూ. 12,000 ప్రీమియం, మిగతాది 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాకు ఆ పన్ను లేదు. పోల్చాల్సింది ఆ 12,000తో.

కవర్ మొత్తం గురించి ఎక్కువ చెప్పను. ప్రీమియంను కవర్ ఎన్ని లక్షలో దానితో భాగించి, లక్షకు ధర రాసుకోండి చాలు. 75 లక్షలకు రూ. 10,200 అంటే లక్షకు 136. కోటికి రూ. 11,100 అంటే లక్షకు 111. కవర్ ఒక మెట్టు దాటగానే లక్షకు ధర తగ్గే పట్టికలు చాలా కంపెనీలకు ఉంటాయి. కోటి చాలా చోట్ల అలాంటి మెట్టు. 80, 90 లక్షల దగ్గర ఉన్నవాళ్లు కోటికి కూడా ఒకసారి తీసి చూడండి.

ఇక రైడర్లు. ఇక్కడ ఒక్క విషయం మాత్రం విడమరచి చెప్పాలి, ఎందుకంటే దీని దగ్గర మోసపోయిన కుటుంబాన్ని దగ్గరగా చూశాను. తీవ్ర వ్యాధుల రైడర్ 20 లక్షలకు ఒక కంపెనీ రూ. 2,600 అడిగింది, మరొకటి రూ. 5,200 అడిగింది అనుకుందాం. పేరు అదే, మొత్తం అదే. కానీ మొదటిది యాక్సిలరేటెడ్ రకం. గుండెపోటు వచ్చి 20 లక్షలు తీసుకుంటే, ఆ డబ్బు కోటి కవర్‌లోంచే వస్తుంది. మిగిలేది 80 లక్షలు. రెండోది అడిషనల్ రకం. 20 లక్షలు ఇచ్చాక కూడా కోటి కోటిగానే ఉంటుంది. మొదటి దాంట్లో కుటుంబానికి మొత్తం వచ్చేది కోటి, రెండో దాంట్లో కోటీ ఇరవై లక్షలు. నేను చెప్పిన ఆ ఇంట్లో, భర్త పోయాక కవర్ తగ్గిపోయి ఉందని క్లెయిమ్ పెట్టిన రోజే భార్యకు తెలిసింది. వైద్యానికి వచ్చిన డబ్బు వేరే అనుకున్నారు వాళ్లు.

ఏ రకమో వెబ్‌సైట్ మొదటి పేజీలో కనబడదు. రైడర్ బ్రోషర్ తెరిచి, రైడర్ డబ్బు ఇచ్చాక అసలు కవర్ ఏమవుతుందో చెప్పే వాక్యం వెతకండి. దొరక్కపోతే కంపెనీకి మెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి తీసుకోకండి. అదే బ్రోషర్‌లో ఇంకో రెండు విషయాలు చూడండి. వ్యాధి బయటపడ్డాక ఇన్ని రోజులు బతికి ఉంటేనే డబ్బు అనే షరతు ఉందా? రైడర్ ధర చివరిదాకా అంతేనా, లేక కొన్నేళ్లకు మార్చే హక్కు కంపెనీకి ఉందా? అసలు పాలసీ ప్రీమియం మారదు కదా అని రైడర్‌దీ మారదనుకుంటారు. కొన్నింట్లో మారుతుంది.

ప్రమాద మరణ రైడర్ నేను తీసుకోలేదు. 50 లక్షలకు రూ. 2,500 అనుకుంటే, దాదాపు అంతే డబ్బుతో అసలు కవర్‌నే పాతిక లక్షలు పెంచుకోవచ్చు. పైన చూసిన లక్షకు 111 చొప్పున రూ. 2,775. రోడ్డు మీద పోయినా, జ్వరంతో పోయినా ఇంటి ఖర్చు అంతే కాబట్టి ఏ కారణానికైనా వచ్చే పాతిక లక్షలే నాకు నయం. ప్రమాదంలో శాశ్వత వైకల్యం వస్తే ఇచ్చే రైడర్ సంగతి వేరు. దానికి అసలు కవర్ బదులు కాదు. లారీ నడిపేవాళ్లు, కరెంటు లైన్ల మీద పనిచేసేవాళ్లు దాన్ని విడిగా చూసుకోవాలి.

ఈసారి అభ్యాసం కొంచెం పెద్దది, ఒక సాయంత్రం పడుతుంది. రెండు కంపెనీలు ఎంచుకోండి. ఒక్కో దాంట్లో నాలుగు కొటేషన్లు తీయండి. మొదటిది మీ వయసుకు, కోటి కవర్‌కి, 60 వరకు, రైడర్ లేకుండా. రెండోదాంట్లో కాలం మాత్రం 70 చేయండి. మూడోదాంట్లో 60కి వెనక్కి వచ్చి కవర్ మాత్రం 75 లక్షలు చేయండి. నాలుగోదాంట్లో మళ్లీ కోటికి వచ్చి తీవ్ర వ్యాధుల రైడర్ ఒక్కటి చేర్చండి. ఒకసారి ఒక్క గడే మారాలి. అన్నీ ఏడాదికి కట్టే లెక్కలోనే తీయండి. నెలకు రూ. 980 అని చూపిస్తే ఏడాదికి రూ. 11,760 అవుతుంది, అదే పాలసీ ఏడాదికొకసారి కడితే రూ. 11,100 కావచ్చు. పదేళ్లలో కట్టేసే పద్ధతి ఎంపికై ఉంటే తీసేసి, కవర్ ఉన్నన్నాళ్లూ కట్టేది పెట్టండి.

ప్రతి కొటేషన్‌ను తేదీతో సహా దాచుకోండి. రైడర్ ఉన్న రెండింటి పక్కన యాక్సిలరేటెడా, అడిషనలా రాయండి. ఆ మాట బ్రోషర్ ఏ పేజీలో దొరికిందో కూడా రాసి పంపండి, పేజీ నంబరు లేని కాగితాన్ని వెనక్కి పంపుతాను. 4వ పాఠంలో ఈ ఎనిమిది అంకెలే మళ్లీ తీసి, వైద్య పరీక్ష తరవాత ప్రీమియం ఎందుకు పెంచుతారో చూద్దాం.