గల్ఫ్ నుంచి వచ్చాక రెజ్యూమె – 3వ పాఠం: హోదా, కంపెనీ పేరు

పోయిన పాఠంలో ఉద్యోగాల తేదీలు వరుసగా రాసుకున్నాం. ఇప్పుడు వాటి పక్కన హోదా, కంపెనీ పేరు రాద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జగిత్యాల నుంచి దోహా వెళ్లిన ఏసీ మెకానిక్. 2014లో హెల్పర్‌గా చేరి, టెక్నీషియన్ అయి, చివరి ఐదేళ్లు చార్జ్‌హ్యాండ్‌గా చేశాడు. గల్ఫ్ సైట్లలో ఈ మాట అందరికీ తెలుసు. ఫోర్‌మన్ కింద కొందరితో పని చేయిస్తూ, తానూ పానా పట్టేవాడే చార్జ్‌హ్యాండ్. హైదరాబాద్‌లో రెజ్యూమె చదివే హెచ్‌ఆర్‌కు మాత్రం ఇది కొత్త మాట కావచ్చు.

అలాగని దాన్ని ‘సూపర్‌వైజర్’ అని మార్చకండి. వెరిఫికేషన్‌లో సర్వీస్ సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తారు. హోదా తేడా వస్తే నిజంగా చేసిన పనినీ అనుమానిస్తారు. ఉన్న హోదాను అలాగే ఉంచి, అర్థం పక్కన చెప్పండి:

“చార్జ్‌హ్యాండ్, ఏసీ మెయింటెనెన్స్ (షిఫ్ట్‌లో ఎనిమిది మంది టెక్నీషియన్లకు ఇన్‌చార్జి, ఫోర్‌మన్‌కు రిపోర్టింగ్)”

ఎంతమంది, ఎవరికి రిపోర్టింగ్ అన్నవి ఉంటే చాలు, చదివేవాళ్లకు స్థాయి తెలిసిపోతుంది. తెలిసిన మాటలతో ఇంకా జాగ్రత్త. గల్ఫ్‌లో పీఆర్‌ఓ అంటే కంపెనీ తరఫున వీసా, ఇమిగ్రేషన్ పనులకు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఇక్కడ పౌర సంబంధాల అధికారి అనుకుంటారు. వివరణ రాయకపోతే మీడియా గురించి ప్రశ్నలు అడుగుతారు.

ఇక కంపెనీ పేరు. మన మెకానిక్‌కు జీతం ఇచ్చింది ఒక మ్యాన్‌పవర్ సప్లై కంపెనీ, పనిచేసింది ఒక షాపింగ్ మాల్‌లో. చాలామంది గొప్పగా ఉంటుందని మాల్ పేరే రాస్తారు. వెరిఫికేషన్ మెయిల్ అక్కడికి వెళితే ‘ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు’ అనే జవాబు వస్తుంది. మొదటి వరుసలో జీతం ఇచ్చిన కంపెనీ, రెండో వరుసలో “పనిచేసిన చోటు” అని మాల్ పేరు రాయండి. కంపెనీ పేరు స్పెల్లింగ్ సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలాగే దించండి. అరబిక్ పేర్లను ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు. చివర డబ్ల్యూఎల్‌ఎల్ అని ఉంటే పరిమిత బాధ్యత కంపెనీ అని అర్థం, దాదాపు మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది. దాన్ని వదలకండి.

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఐడీ కార్డు మీది వృత్తి. వీసా లేబర్ కోటాలో వచ్చి ఉంటే, ఏసీ పని చేసినా కార్డులో ‘లేబర్’ అనే ఉంటుంది. దాన్ని రెజ్యూమెలో రాయనక్కరలేదు. ఇంటర్వ్యూలో అడిగితే దాచకుండా చెప్పి, సర్వీస్ సర్టిఫికెట్ చూపించండి. కతార్ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిశాక మీరు అడిగితే కంపెనీ అది ఇవ్వాలి. విమానం ఎక్కకముందే తీసుకుని, చేసిన పని, హోదా అందులో సరిగ్గా ఉన్నాయో లేదో చదువుకోండి. దిద్దించుకోవడం అక్కడున్నప్పుడే తేలిక.

వచ్చే పాఠానికి ముందు మీ చివరి ఉద్యోగానికి ఈ రెండు వరుసలూ రాసి, గల్ఫ్ వెళ్లని స్నేహితుడికి చూపించండి. ఆయన ఏ మాట దగ్గర ఆగి ‘అంటే ఏంటి?’ అని అడిగితే, వివరణ అక్కడ చేర్చండి.