పాలు కక్కే పసిపాప, పక్క మీద పెట్టగానే ఏడుపు: కారణం ఎక్కడ వెతకాలి?

సమస్య: చేతుల్లో నిద్ర, పక్క మీద మెలకువ

పది వారాల పాప. పాలు తాగి భుజం మీదే నిద్రపోతుంది. పక్క మీద పెట్టిన ఐదు నిమిషాలకే మెలికలు తిరుగుతూ లేస్తుంది, నోటి పక్కనుంచి కాసిని పాలు కారతాయి. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "వెల్లకిలా పడుకోబెడితే పాలు పైకి తన్నుకొస్తున్నాయి, తల కింద ఏదైనా పెట్టండి." పాలు పైకి రావడం నిజమే. కానీ నిద్ర చెడగొడుతున్నది అదేనా అన్నది వేరే ప్రశ్న. తల కింద దిండు పెట్టడమైతే ఎలా చూసినా తప్పే.

అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట కండరాల వలయం ఒకటి ఉంటుంది. పసివాళ్లలో అది మధ్యమధ్యలో వదులవుతుంది. తాగేదంతా ద్రవం, జీర్ణాశయం చిన్నది, రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటారు. అందుకే పాలు వెనక్కి వస్తాయి. దీన్నే రిఫ్లక్స్ అంటారు. మామూలుగా రెండు నెలలలోపే మొదలై, నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువై, పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపు తగ్గిపోతుంది. కక్కినా నవ్వుతూ, బాగా తాగుతూ, బరువు పెరుగుతున్న బిడ్డకు అది జబ్బు కాదు. ఇబ్బంది అంతా బట్టలు ఉతికేవాళ్లకే.

ముందు తేల్చుకోవాల్సింది: రిఫ్లక్సేనా?

పగటిపూట, పాలు తాగి గంట దాటాక, మెలకువగా ఉన్నప్పుడు పాపను చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. కాళ్లు చేతులు ఆడిస్తూ హాయిగా ఉంటే, వెల్లకిలా పడుకోవడం ఆమెకు బాధ కాదన్నమాట. అప్పుడు రాత్రి లేవడానికి వేరే కారణం ఉంటుంది: వెచ్చటి ఒడిలోంచి చల్లటి దుప్పటి మీదికి రావడం, దించేటప్పుడు ఉలిక్కిపడటం. పాదాలు, నడుము, చివరగా తల ఆనేలా నెమ్మదిగా దించి, ఛాతీ మీద చేయి ఒక నిమిషం ఉంచితే ఈ రకం మెలకువ చాలావరకు తగ్గుతుంది.

మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: పాలు ఎప్పుడు, ఎంత తాగింది, ఎప్పుడు కక్కింది, ఎప్పుడు లేచింది. కక్కడానికీ లేవడానికీ సంబంధం కనిపించకపోతే రిఫ్లక్స్‌ను అనుమానించడం మానేయవచ్చు. ఆరు వారాల వయసు ప్రాంతంలో ఏడుపు సహజంగానే ఎక్కువగా ఉంటుంది, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది. ఆ సమయంలో మొదలుపెట్టిన మందుకే పేరు వస్తుంది.

కక్కిన పాలు ఎన్నో తెలియక కూడా భయం పెరుగుతుంది. రెండు చెంచాల పాలు, అంటే పది మి.లీ., పొడి గుడ్డ మీద పోసి చూడండి. మచ్చ ఎంత పెద్దదవుతుందో చూస్తే, తాగిందంతా కక్కేసిందన్న భయం పోతుంది.

కారణం: పాలు ఎక్కువ కావడం

డబ్బా పాలు తాగే పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. పైన చెప్పిన పాప బరువు ఐదు కిలోలు, ఒక్కోసారి 130 మి.లీ. చొప్పున రోజుకు ఎనిమిదిసార్లు తాగుతోంది అనుకుందాం. మొత్తం 1040 మి.లీ. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు సుమారు 150 మి.లీ. సరిపోతాయి. ఐదు కిలోలకు 750. అంటే దాదాపు 300 మి.లీ. అదనం. ఏడ్చినప్పుడల్లా ఆకలే అనుకొని సీసా పెట్టడం, ఆ నిండిన కడుపు మళ్లీ కక్కించి ఏడిపించడం, ఇదొక చక్రం.

పరిష్కారం: ఎనిమిదిసార్లలో ఒక్కోసారి 95 మి.లీ. దాకా తగ్గించండి. నీళ్లు ఎక్కువ కలిపి పల్చన చేయడం తగ్గింపు కాదు, ప్రమాదం. డబ్బా మీది కొలతే పాటించాలి. సీసా మధ్యలో ఒకసారి ఆపి త్రేనుపు తెప్పించి, తాగాక ఇరవై, ముప్ఫై నిమిషాలు భుజానికి ఎత్తుకొని నిటారుగా ఉంచండి. బరువు సరిగా పెరగని బిడ్డకు మాత్రం డాక్టరును అడగకుండా పాలు తగ్గించకూడదు. తల్లిపాలు తాగే పిల్లలకు ఈ లెక్క అక్కర్లేదు, తల్లిపాలు ఆపాల్సిన పనీ లేదు. రొమ్ము పట్టే తీరును తెలిసినవారికి చూపించుకుంటే చాలు.

పడుకోబెట్టే తీరు మీద అపోహలు

వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయన్నది అన్నిటికంటే గట్టి అపోహ. శరీర నిర్మాణం దీనికి ఎదురు చెబుతుంది. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి వెళ్లాలంటే ఎగువకు ఎక్కాలి. బోర్లా పడుకోబెడితే ఈ వరుస తిరగబడి, పాలు శ్వాసనాళం ద్వారం వైపే జారతాయి. అమెరికాలో 1992 నుంచి పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని డాక్టర్లు చెబుతున్నారు. నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య అక్కడ దాదాపు సగానికి తగ్గింది, పాలు అడ్డం పడి చనిపోవడం పెరగలేదు.

ఎడమ పక్కకు తిప్పితే రిఫ్లక్స్ కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ పక్కకు పడుకున్న బిడ్డ సులువుగా బోర్లా పడుతుంది. ఆ లాభం ఈ ప్రమాదానికి సరితూగదు.

దిండు, ఆవాల దిండు, తలవైపు ఎత్తు చేసిన మంచం, వాలు కుర్చీ: వీటిలో బిడ్డ కిందికి జారి గడ్డం ఛాతీకి ఆనుకుంటే శ్వాస మార్గం మూసుకుపోతుంది. సగం కూర్చున్నట్టు ఉండే సీటులో పొట్ట నొక్కుకుపోయి పాలు ఇంకా ఎక్కువ వస్తాయి. చీరతో కట్టిన ఉయ్యాల విషయంలో పెద్దవాళ్లతో పేచీ వస్తుందని తెలుసు. ఊపి నిద్రపుచ్చేంతసేపు కళ్ల ముందే ఉంచుకొని, నిద్రపోగానే గట్టి, చదునైన పక్కకు మార్చండి. ఇంటి శాంతికీ బిడ్డ శ్వాసకూ అదే మధ్యేమార్గం.

మందులు

ఆమ్లాన్ని తగ్గించే మందులు కక్కడాన్ని ఆపవు, కక్కినదాని పులుపు తగ్గిస్తాయి, అంతే. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఏడుపు మీద అవి ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు, పైగా అంటువ్యాధుల ముప్పు పెంచుతాయి. పక్కింటి బిడ్డకు రాసిన డోంపెరిడోన్ చుక్కలు అసలే వద్దు, అది గుండె లయను మార్చగలదు. సీసాలో బియ్యపు పిండి కలపడం కూడా సొంతంగా చేయకండి.

కక్కడంతోపాటు మలంలో నెత్తురు చారలు, జిగురు, ఒంటి మీద ఎగ్జిమా ఉంటే ఆవు పాల ప్రొటీన్ పడకపోవడం కారణం కావచ్చు. తల్లిపాలు తాగే బిడ్డైతే, డాక్టరు సలహాతో తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పన్నీరు మానేసి చూస్తుంది. తగ్గితే మళ్లీ తిని నిర్ధారించుకోవాలి. లేకపోతే తల్లి నెలల తరబడి అనవసరంగా పథ్యం చేస్తుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు?

బరువు పెరగకపోవడం, పాలు తాగడానికి మొరాయించడం, ఆరు నెలల తర్వాత కక్కడం కొత్తగా మొదలవడం, ఏడాది దాటినా ఆగకపోవడం: వీటికి ఒకటి రెండు రోజుల్లో చూపించండి.

కొన్నింటికి తెల్లారేదాకా ఆగకూడదు. ఆకుపచ్చ వాంతి పేగు మెలిపడిందనడానికి గుర్తు కావచ్చు. రెండు నుంచి ఎనిమిది వారాల బిడ్డ దూరంగా చిమ్మేలా వాంతి చేసుకొని, వెంటనే ఆకలితో మళ్లీ పాలకోసం వెతుక్కుంటే జీర్ణాశయం చివరి ద్వారం బిగుసుకుందేమో చూడాలి. వాంతిలో నెత్తురు, ఉబ్బిన పొట్ట, ఉబ్బిన మాడు, మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం, లేపినా లేవని మగత, మూత్రం బాగా తగ్గడం కూడా అంతే. శ్వాస ఆగినా, ఒళ్లు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. ఆకుపచ్చ వాంతి అంటిన గుడ్డను ఉతకకుండా వెంట తీసుకువెళ్లండి. ఆ రంగును మాటల్లో చెప్పడం కష్టం.