కార్టిసాల్ పరీక్షకు ముందు గర్భనిరోధక మాత్రల సంగతి చెప్పండి

నల్లగొండలో మా ల్యాబ్‌కు, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్ష కోసం వచ్చే మహిళలను "ఏమన్న గోలీలు వేసుకుంటున్నరా అక్కా?" అని అడిగితే చాలామంది లేదనే చెబుతారు. బీపీ, షుగర్ గోలీలనే వారు మందుల కింద లెక్కిస్తారు గానీ, ఆశా కార్యకర్త ఇచ్చిన మాలా-ఎన్‌ను అందులో కలపరు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఆ మాట అసలే బయటికి రాదు. అందుకే నేను ఈ ప్రశ్నను రక్తం తీసే గదిలో, ఒంటరిగా ఉన్నప్పుడు, మాత్ర పేరు పెట్టి అడుగుతాను.

ఇంత పట్టుదల ఎందుకంటే, మాలా-ఎన్ వంటి మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ కాలేయం చేత ఒక ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. ట్రాన్స్‌కార్టిన్ అనే ఆ ప్రోటీన్ రక్తంలో కార్టిసాల్‌ను పట్టుకుని మోస్తుంది. పత్తి ఏరడానికి కూలీలను తీసుకుపోయే ఆటోలను తలచుకోండి: ఆటోలో కూర్చున్నవారు పని చేయరు, చేనులో దిగినవారే చేస్తారు. ఆటోలు పెరిగితే మొదట చేనులో మనుషులు కొంత తగ్గుతారు. పిట్యూటరీ గ్రంథి ఆ కొరతను గమనించి అడ్రినల్ గ్రంథులను హెచ్చరిస్తుంది, అవి మరికొంత కార్టిసాల్‌ను పంపుతాయి, చేనులో పనివారి సంఖ్య మళ్ళీ మామూలు స్థాయికి చేరుతుంది. అయితే రక్త పరీక్ష లెక్కపెట్టేది చేనులో ఉన్నవారిని, ఆటోలో ఉన్నవారిని కలిపి. శరీరంలో పని చేసే స్వేచ్ఛా కార్టిసాల్ దాదాపు మారకపోయినా రిపోర్టులో మొత్తం అంకె రెట్టింపు దాకా పెరగడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన 29 ఏళ్ళ మహిళకు బరువు పెరిగిందని, ముఖం ఉబ్బిందని శరీరంలో కార్టిసాల్ మితిమీరే కుషింగ్ సిండ్రోమ్ అనుమానంతో పరీక్ష రాశారనుకోండి. రాత్రి 11 గంటలకు కార్టిసాల్ తయారీని అణచే డెక్సామెథాసోన్ గోలీ 1 మిల్లీగ్రాము వేసుకుని, ఉదయం 8 గంటలకు రక్తం ఇస్తే కార్టిసాల్ డెసిలీటరుకు 3.1 మైక్రోగ్రాములు వచ్చింది. 1.8 లేదా అంతకంటే తక్కువకు అణగాలి కాబట్టి కుషింగ్ ఉందేమోనని ఇంటిల్లిపాదీ భయపడతారు. కానీ ఆమె ఏడాదిగా మాలా-ఎన్ వాడుతోంది. మాత్ర ఆపి ఆరు వారాల తరువాత అదే పరీక్ష చేస్తే 1.1 వచ్చింది. మాత్ర వాడే మహిళల్లో దాదాపు సగం మందికి ఈ పరీక్ష ఇలా తప్పుగా పాజిటివ్ వస్తుందని ఎండోక్రైన్ సొసైటీ 2008 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆరు వారాలు అంటే ఆరు వారాలే. ప్యాకెట్‌లోని చివరి ఏడు ఐరన్ గోలీల వారంలో హార్మోన్ లేదు కదా అని అప్పుడు రక్తం ఇచ్చేవారున్నారు; ట్రాన్స్‌కార్టిన్ అంత త్వరగా దిగదు. ఈ ఆరు వారాలూ కండోమ్ వంటి వేరే పద్ధతి తప్పనిసరి, ఎందుకంటే ఈ మధ్యలో గర్భం వస్తే ఈస్ట్రోజన్ మళ్ళీ పెరిగి అదే ప్రోటీన్ ఇంకా ఎక్కువవుతుంది. మాత్ర ఆపడం వీలుకాని వారికి 24 గంటల మూత్రంలోని స్వేచ్ఛా కార్టిసాల్ లేదా రాత్రి పొద్దుపోయాక తీసిన లాలాజల పరీక్ష ఉంది. అవి ఆటోలను లెక్కపెట్టవు. లాలాజల నమూనాను ఇక్కడి నుంచి చాలాసార్లు హైదరాబాద్‌కు పంపవలసి వస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దీనికి ఎదురు పొరపాటు. కీళ్ళ నొప్పులకు నెలల తరబడి స్టెరాయిడ్ గోలీలు వాడి ఒక్కసారిగా మానేసినవారి అడ్రినల్ గ్రంథులు నిద్రలోనే ఉండిపోవచ్చు. అలాంటి మహిళ గర్భనిరోధక మాత్ర కూడా వాడుతుంటే ఉదయపు కార్టిసాల్ 12 అని వచ్చి, "నార్మల్" అని రిపోర్టు మూసేస్తారు. ఆ అంకెలో కొంత భాగం ప్రోటీన్ పెంచి చూపినదే కాబట్టి అసలు కార్టిసాల్ లోపం దాని వెనుక దాక్కుంటుంది. అడ్రినల్ గ్రంథులను తట్టిలేపే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి చేసే పరీక్షలోనూ ఇదే చిక్కు. అంకెను సగం చేసి చూస్తే సరిపోతుందనుకోవద్దు. ప్రోటీన్ ఎంత పెరుగుతుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం ఉంటే ఆరు వారాలు ఆగే మాటే లేదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈస్ట్రోజన్ లేని, ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్రలు ఈ ప్రోటీన్‌ను ఇలా పెంచవు. కాబట్టి "గర్భనిరోధక మాత్ర" అని ఊరుకోక ఖాళీ ప్యాకెట్‌నే తీసుకురండి. మా ఫారంలో దీనికి గడి లేదు. మాత్ర పేరు, చివరిగా వేసుకున్న తేదీ నేను పై అంచున పెన్నుతో రాస్తాను, మీ ల్యాబ్‌లోనూ అలా రాయించండి.