టెస్టింగ్ అంచనా పాఠాలు – 4: రిక్వైర్‌మెంట్లు సగమే, గడువు మాత్రం ఖాయం

గత పాఠంలో రిక్వైర్‌మెంట్లన్నీ చేతిలో ఉన్న ఫీచర్‌ను ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్క పరీక్షకు ఎన్ని పనిదినాలు పడతాయో లెక్కగట్టాం. ఒక టెస్టర్ ఒక రోజు చేసే పనినే ఈ పాఠాల్లో పనిదినం అంటున్నాం. ఆఫీసులో మనకు ఎక్కువగా ఎదురయ్యేది వేరే పరిస్థితి. రిలీజ్ తేదీ ముందే ప్రకటించేస్తారు, డాక్యుమెంట్‌లో సగం చోట్ల “తర్వాత నిర్ణయిస్తాం” అని ఉంటుంది, అయినా టెస్టింగ్‌కు ఎన్ని రోజులో సాయంత్రానికల్లా చెప్పమంటారు. అటువంటప్పుడు ఒకే అంకె చెప్పడం సరికాదు, చెప్పలేమని తప్పుకోవడమూ కుదరదు. తెలిసిన పనికి ఒక లెక్క, తెలియని ప్రతి విషయానికీ ఒక వెల కట్టి, రెంటినీ విడివిడిగా చూపించడమే ఈ పాఠంలో నేర్చుకోబోయే పద్ధతి.

నెలవారీ చందాతో నడిచే ఒక పాఠాల యాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇప్పటివరకు వినియోగదారు ప్రతి నెలా తానే డబ్బు కడుతున్నాడు. ఇకమీదట యూపీఐ ఆటోపే ద్వారా చందా దానంతటదే చెల్లిపోవాలి. రిలీజ్‌కు 15 పనిరోజులున్నాయి, టెస్టర్లు ఇద్దరు, మొదటి బిల్డ్ 5వ రోజు సాయంత్రం వస్తుంది. ప్రతి నెలా డబ్బు తీసుకోవడానికి వినియోగదారు ముందే ఇచ్చే అనుమతినే మాండేట్ అంటారు. డాక్యుమెంట్‌లో మాండేట్ ఎలా నమోదు చేయాలో వివరంగా ఉంది. డెబిట్ విఫలమైతే ఏం చేయాలో ఒక్క వాక్యం కూడా లేదు.

పని ఎంతో లెక్కించేముందు మన దగ్గర ఉన్న సమయం ఎంతో తేల్చుకోవాలి. గడువు కదలనప్పుడు ఈ క్రమం మారకూడదు. బిల్డ్ వచ్చాక మిగిలేవి 10 రోజులు, ఇద్దరికి కలిపి 20 పనిదినాలు. అందులో సమావేశాలకు, సర్వర్ పడిపోయినప్పటి నిరీక్షణకు, లైవ్‌లో వచ్చే పాత ఫిర్యాదులకు నాలుగో వంతు పోతుందనుకుంటే పరీక్షకు దక్కేది 15 పనిదినాలు. బిల్డ్ రాకముందటి 5 రోజులు టెస్ట్ కేసులు రాయడానికి, డేటా సిద్ధం చేయడానికి, పేమెంట్ గేట్‌వే శాండ్‌బాక్స్‌లో ఖాతాలు తెరవడానికి సరిపోతాయి కాబట్టి వాటిని ఈ లెక్కలో కలపలేదు.

రిక్వైర్‌మెంట్లలోని ఖాళీలన్నీ ప్రొడక్ట్ మేనేజర్ మాత్రమే పూరించగలిగినవి కావు. కొన్నింటికి జవాబు నిబంధనల్లోనే దొరుకుతుంది. ఇటువంటి ఆటోమేటిక్ చెల్లింపుల్లో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు వినియోగదారుకు సమాచారం అందాలని రిజర్వ్ బ్యాంకు నియమం. పిన్ అడగకుండా తీసుకోగల మొత్తాన్ని 2022 జూన్‌లో 5,000 రూపాయల నుంచి 15,000కు పెంచింది. మన యాప్‌లో అతి పెద్ద చందా ఆ పరిమితిలోపే ఉంటే, పరిమితి దాటిన చెల్లింపుల పరీక్ష మొత్తం ఈ రిలీజ్ లెక్కలోంచి తప్పుకుంటుంది. డాక్యుమెంట్ చదవడంతో ఆపకుండా ఇటువంటి నియమాలను కూడా వెతికితే “తెలియదు” అనుకున్న జాబితా చాలావరకు తగ్గుతుంది.

ఇక మిగిలిన పనికి మూడు అంకెల పద్ధతి వాడదాం. 1950ల చివర అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం రూపొందించిన పెర్ట్ పద్ధతి నుంచి వచ్చిన సూత్రమిది. అన్నీ కలిసొస్తే పట్టే సమయం అనుకూలం, మామూలుగా పట్టేది సాధారణం, అడ్డంకులన్నీ ఎదురైతే పట్టేది ప్రతికూలం. అంచనా ఎంతవరకు అటూ ఇటూ కావచ్చో చెప్పేది ఊగిసలాట.

```
అంచనా  = (అనుకూలం + 4 × సాధారణం + ప్రతికూలం) / 6
ఊగిసలాట = (ప్రతికూలం − అనుకూలం) / 6
```

మన ఫీచర్‌ను ఐదు ముక్కలు చేస్తే లెక్క ఇలా వస్తుంది:

| ముక్క | అనుకూలం | సాధారణం | ప్రతికూలం | అంచనా |
|---|---|---|---|---|
| మాండేట్ నమోదు | 1.5 | 2 | 4 | 2.25 |
| ముందస్తు సమాచారం, నెలవారీ డెబిట్ | 2 | 3 | 7 | 3.5 |
| నిలిపివేత, రద్దు | 1 | 2 | 3 | 2 |
| డెబిట్ విఫలమైతే | 1 | 3 | 8 | 3.5 |
| పాత చెల్లింపుల రిగ్రెషన్ | 1 | 1.5 | 2 | 1.5 |

మొత్తం 12.75 పనిదినాలు. చేతిలో 15 ఉన్నాయి కదా అని ఇక్కడే ఆగిపోయే అంచనాలే గడువు దగ్గరపడ్డాక కుప్పకూలుతాయి. ఈ 12.75 ఒక్కసారి పరీక్షించడానికి మాత్రమే. బగ్‌లు దొరుకుతాయి, డెవలపర్లు సరిచేస్తారు, మళ్లీ పరీక్షించాలి, సరిచేసినది పక్కదాన్ని చెడగొట్టిందేమో కూడా చూడాలి. ఈ రీటెస్ట్‌కు ఎంత పడుతుందో మీ టీమ్ పాత రిలీజ్‌ల రికార్డు నుంచే తీసుకోవాలి, మరొకరి నిష్పత్తి పనికిరాదు. ఈ టీమ్‌లో మొదటి విడత పరీక్షకు 10 రోజులు పడితే రీటెస్ట్‌కు మరో 4 రోజులు పడుతున్నాయని అనుకుందాం. అప్పుడు 12.75ను 1.4తో గుణిస్తే దాదాపు 18 వస్తుంది. అంటే 3 పనిదినాలు తక్కువపడ్డాయి.

ఇప్పుడు పట్టికను మరోసారి, ఈసారి అనుకూలానికీ ప్రతికూలానికీ మధ్య ఉన్న దూరం కోసం చూడండి. నాలుగో ముక్కలో అది 1 నుంచి 8 వరకు సాగింది. ఊగిసలాటలను కలిపేటప్పుడు నేరుగా కూడకూడదు, ఒక్కొక్కదాని వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. అలా చేస్తే మొత్తం ఊగిసలాట 1.5 పనిదినాల చిల్లర వస్తుంది. ఆ వర్గాల మొత్తంలో సగానికి పైగా ఈ ఒక్క ముక్క నుంచే వచ్చింది. పని పెద్దది కావడం ఇందుకు కారణం కాదు, డెబిట్ విఫలమైనప్పుడు ఏం జరగాలో ఎవరూ నిర్ణయించకపోవడమే కారణం. మళ్లీ ప్రయత్నించాలా, ఎన్నిసార్లు, ఈలోగా పాఠాలు చూడనివ్వాలా, ప్రతి ప్రయత్నానికీ మళ్లీ ముందస్తు సమాచారం పంపాలా అన్నవేవీ తేలలేదు. ప్రొడక్ట్ మేనేజర్‌ను ఇరవై ప్రశ్నలడిగే అవకాశం మనకుండదు. ఏ ప్రశ్న మొదట అడగాలో ఈ వ్యాప్తే చెబుతుంది, మూడు అంకెల పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

ఆ ప్రశ్నను ఊరికే అడగడం కన్నా, మన ఊహను, దాని వెలను, జవాబు కావలసిన తేదీని కలిపి రాసి పంపడం మంచిది. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

“డెబిట్ విఫలమైతే మొదటి రిలీజ్‌లో యాప్ మళ్లీ ప్రయత్నించదని, వినియోగదారుకు 3 రోజుల వెసులుబాటు ఇచ్చి ఆ తర్వాత చందా ఆపేస్తుందని, ఈలోగా అతడు పాత పద్ధతిలో చేతితో కట్టుకోవచ్చని అనుకుని లెక్క వేస్తున్నాం. ఇది సరైతే ఈ భాగం పరీక్షకు 1.5 పనిదినాలు చాలు. యాప్ మళ్లీ మళ్లీ ప్రయత్నించాలంటే 8 పనిదినాల వరకు పట్టవచ్చు, అది ఈ గడువులో ఇమడదు. 4వ రోజు మధ్యాహ్నంలోగా జవాబు రాకపోతే ఈ ఊహ ప్రకారమే టెస్ట్ కేసులు రాస్తాం.”

ఈ నాలుగు వాక్యాలు చేసే పని గంటసేపు సాగే సమావేశం చేయదు. మేనేజర్ శూన్యంలోంచి నిర్ణయం తీసుకోనక్కర్లేదు, ఒక ప్రతిపాదనకు అవుననో కాదనో అంటే చాలు. కాదంటే దానికి ఎంత పడుతుందో కూడా అక్కడే కనిపిస్తోంది. ఊహ సరేనన్నారనుకుందాం. మొదటి విడత పరీక్ష 10.75కు దిగుతుంది, రీటెస్ట్‌తో కలిపి 15 దాకా వస్తుంది. సమయమూ 15 పనిదినాలే. అంకెలు సరిపోయాయి కానీ ఇది సురక్షితమైన అంచనా కాదు, మించిపోవడానికీ మించకపోవడానికీ ఇంచుమించు సమానంగా అవకాశముంది. కాబట్టి ఇంకా కొంత తగ్గించాలి.

తగ్గించేటప్పుడు ఏది నిజంగా తగ్గుతుందో జాగ్రత్తగా చూడాలి. మాండేట్ నమోదును ఆరు యూపీఐ యాప్‌లలో చూడాలని మొదట అనుకున్నాం. మన వినియోగదారుల్లో ఎక్కువమంది వాడే మూడింటికి పరిమితం చేస్తే 0.75 పనిదినం మిగులుతుంది. నిలిపివేత బటన్‌ను తర్వాతి రిలీజ్‌కు వాయిదా వేస్తే ఆ ముక్కలో సగానికి పైగా మిగులుతుందని అనిపిస్తుంది, కానీ అలా జరగదు. మన యాప్‌లో బటన్ లేకపోయినా వినియోగదారు తన యూపీఐ యాప్‌లోకి వెళ్లి మాండేట్‌ను నిలిపివేయగలడు, రద్దు కూడా చేయగలడు. ఆ సమాచారం మన సర్వర్‌కు చేరిందా, చేరాక చందా స్థితి సరిగ్గా మారిందా అన్నది ఎలాగూ పరీక్షించాల్సిందే. అందువల్ల బటన్ తీసేసినా మిగిలేది 0.5 మాత్రమే. రెండు తగ్గింపులూ కలిపి 1.25, దాని వంతు రీటెస్ట్‌తో కలిపి 1.75. ఇప్పుడు మొత్తం 13.3, వెసులుబాటు 1.7 పనిదినాలు. నాలుగో ముక్క తేలిపోయాక మిగిలిన ఊగిసలాట రీటెస్ట్‌తో కలిపి దాదాపు 1.4 కాబట్టి, గడువులోపు ముగిసే అవకాశం పదింట ఎనిమిదికి పైగానే ఉంది.

ఈ సంభావ్యతను మరీ గట్టిగా నమ్మకండి. వర్గాలను కూడే లెక్క ముక్కలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఆలస్యమవుతాయని భావిస్తుంది. బిల్డ్ రెండు రోజులు ఆలస్యమైతే ఐదు ముక్కలూ ఒకేసారి దెబ్బతింటాయి, అప్పుడు సమయం 15 నుంచి 12కు పడిపోతుంది, పైన మిగిల్చిన వెసులుబాటు చాలదు. ఆ ప్రమాదాన్ని అంచనాలో కలిపేయకుండా, బిల్డ్ ఆలస్యమైన ప్రతి రోజుకూ 1.5 పనిదినాల పరీక్ష వదులుకోవలసి వస్తుందని విడిగా రాయండి. మొదట ఏది వదులుతామో కూడా అక్కడే పేర్కొనండి.

పనిదినాల లెక్కలో అసలు కనబడని చిక్కు ఒకటుంది. ముందస్తు సమాచారానికీ డెబిట్‌కూ మధ్య 24 గంటల నిరీక్షణ ఉంది. శాండ్‌బాక్స్‌లో గడియారాన్ని ముందుకు జరిపే వీలుంటే ఇబ్బంది లేదు. లేకపోతే ఒక డెబిట్ పరీక్షకు టెస్టర్ పెట్టే శ్రమ గంటన్నరే అయినా క్యాలెండర్‌లో రెండు రోజులు గడిచిపోతాయి. 13వ రోజున డెబిట్‌లో బగ్ దొరికి 14వ రోజు సాయంత్రానికి సరిచేసిన బిల్డ్ వస్తే, ఎంతమంది టెస్టర్లను కూర్చోబెట్టినా 15వ రోజు ముగిసేలోగా దాన్ని పూర్తిగా తేల్చలేరు. అందుకే అంచనాతోపాటు డెబిట్‌కు సంబంధించిన సవరణలు 12వ రోజు సాయంత్రం తర్వాత తీసుకోబోమని ఒక గీత గీయాలి, డెబిట్ పరీక్షను బిల్డ్ వచ్చిన మరునాడే మొదలుపెట్టాలి. గడియారం జరిపే వీలుందో లేదో మొదటి రోజే గేట్‌వే వారిని అడిగి తెలుసుకోండి.

అభ్యాసం: ఇదే యాప్‌లో వినియోగదారు చందా మధ్యలో నెలవారీ నుంచి వార్షికానికి మారవచ్చని 3వ రోజున మీకు చెప్పారనుకోండి. పాత మాండేట్‌ను సవరించాలా, రద్దు చేసి కొత్తది తీసుకోవాలా అన్నది ఎవరూ తేల్చలేదు. ఈ ముక్కకు మూడు అంకెలు వేసి, మీ ఊహ, దాని వెల, జవాబు గడువు కలిపి నాలుగు వాక్యాల్లో రాయండి. తర్వాత 1.7 పనిదినాల వెసులుబాటులో అది ఇముడుతుందో లేదో చూడండి. ఇమడకపోతే దేన్ని తప్పిస్తారో, తప్పించాక కూడా ఏ పరీక్ష మిగిలిపోతుందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ జవాబులతోనే, పని మొదలయ్యాక 7వ రోజున అంచనాను తిరగరాయడం ఎలాగో చూస్తాం.